మెష్ సగం చేస్తే స్ట్రెస్ పెరుగుతూనే ఉందా? ఒక బ్రాకెట్‌తో ఎఫ్‌ఈఏ ఫలితాన్ని పరీక్షించే పద్ధతి

ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్‌లో రంగుల బొమ్మ తెప్పించడం ఇప్పుడు పెద్ద పనేమీ కాదు. ఆ బొమ్మలో ఎర్రగా కనిపించే చోట రాసి ఉన్న అంకెను డ్రాయింగ్ మీదకి ఎక్కించి సంతకం పెట్టొచ్చా అన్నదే అసలు పని. "మెష్ ఇంకా ఫైన్ చేశాను సార్, ఇక కరెక్టే" అని కొత్తగా చేరిన పిల్లలు తరచూ అంటుంటారు. ఫైన్ చేసినంత మాత్రాన జవాబు సరైపోదు. కొన్ని చోట్ల ఫైన్ చేసేకొద్దీ ఇంకా తప్పుతుంది. ఎక్కడ ఏది జరుగుతుందో ఒకే బ్రాకెట్‌ని పట్టుకుని చివరిదాకా చూద్దాం.

విశాఖలో పోర్టు వైపు, ఉప్పుగాలి నేరుగా కొట్టే చోట, పంపు నుంచి వచ్చే పైపుని మోయడానికి ఒక బ్రాకెట్ కావాలనుకోండి. గాజువాక ఆటోనగర్‌లో 12 మి.మీ. ప్లేటు మీద ప్రొఫైల్ కటింగ్ చేయించి, ఒకే ముక్కగా తీస్తారు. వెనక భాగం 240 మి.మీ. ఎత్తు, 100 మి.మీ. వెడల్పు. దాని మధ్యలోంచి 80 మి.మీ. ఎత్తున్న చేయి 250 మి.మీ. ముందుకు వస్తుంది. చేయి చివర 6 కిలోన్యూటన్ల బరువు కిందికి లాగుతుంది. స్టీలు ఐఎస్ 2062 ఈ250, అంటే ఈల్డ్ 250 మెగాపాస్కల్స్. ఇకమీదట ఎంపీఏ అనే రాస్తాను.

కింద మెష్ ఫలితాలుగా ఇచ్చిన అంకెలు ఉదాహరణ కోసం రౌండ్ చేసినవి. మీ సాఫ్ట్‌వేర్‌లో కాస్త అటూ ఇటూ వస్తాయి, కానీ వాటి నడక ఇలాగే ఉంటుంది.

1. కంప్యూటర్ తెరవకముందు చేతిలెక్క

చేయి మొదట్లో బెండింగ్ మూమెంట్ 6000 × 250 = 15,00,000 న్యూటన్ మి.మీ. సెక్షన్ మాడ్యులస్ 12 × 80² / 6 = 12,800 ఘన మి.మీ. భాగిస్తే 117 ఎంపీఏ. ఇది నామినల్ స్ట్రెస్. చేయి వెనక భాగాన్ని కలిసే మూల దగ్గర స్ట్రెస్ ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఆ మూలలో 8 మి.మీ. రేడియస్ ఫిల్లెట్ పెడతామనుకుందాం. ఫిల్లెట్ రేడియస్‌ని చేయి ఎత్తుతో భాగిస్తే 0.1, వెనక ఎత్తుని చేయి ఎత్తుతో భాగిస్తే 3. ఇలాంటి మెట్టు ఉన్న ప్లేటు వంగుతున్నప్పుడు స్ట్రెస్ కాన్సంట్రేషన్ ఫ్యాక్టర్ సుమారు 1.9 అని డిజైన్ హ్యాండ్‌బుక్ చార్టులు చెబుతాయి. అంటే మూలలో దాదాపు 220 ఎంపీఏ. మన వెనక భాగం చార్టులోలా పొడవుగా సాగిపోదు, 100 మి.మీ.కే ఆగిపోతుంది, కాబట్టి ఇది కచ్చితమైన జవాబు కాదు. అయినా ఈ అంకె కాగితం మీద ఉండాలి. రేపు సాఫ్ట్‌వేర్ 90 అనో 500 అనో చెబితే, ఎక్కడో తప్పు దొర్లిందని మెష్‌తో పని లేకుండానే తెలిసిపోతుంది.

చేయి చివర వంగే దూరం కూడా లెక్కేసి పెట్టుకోండి. బెండింగ్ ఒక్కదానికే 0.305 మి.మీ. వస్తుంది. షియర్, వెనక భాగం ఇచ్చే కొసరు కలిపితే మోడల్లో దీనికంటే కొంచెం ఎక్కువ కనిపించాలి. తక్కువ కనిపిస్తే ఎలిమెంట్ మరీ బిర్రుగా ఉందని అర్థం. మూడు నోడ్ల త్రిభుజాలతో, 3డిలో నాలుగు నోడ్ల టెట్రాలతో వచ్చే చిక్కు ఇదే.

2. మోడల్: తక్కువలో తక్కువ, కానీ తెలిసి

ప్లేటు పలచన, బలం ప్లేటు తలంలోనే ఉంది కాబట్టి ప్లేన్ స్ట్రెస్ 2డి మోడల్ చాలు. ఎనిమిది నోడ్ల చతుర్భుజ ఎలిమెంట్లు వాడండి. 3డిలోనే చేయాలంటే పది నోడ్ల టెట్రా, అంటే అబాకస్‌లో `C3D10`, ఆన్సిస్‌లో `SOLID187`. ఒకసారి ఎంచుకున్న ఎలిమెంట్‌ని మధ్యలో మార్చకూడదు. మారిస్తే వచ్చిన తేడా మెష్ సైజుదా, ఎలిమెంట్ రకానిదా అన్నది ఎవరూ చెప్పలేరు.

బరువుని ఒక్క నోడ్ మీద వేయొద్దు, చేయి చివరి అంచు పొడవునా పంచండి. ఒకే నోడ్ మీద వేస్తే దాని కింద మెష్ ఫైన్ చేసినకొద్దీ స్ట్రెస్ పెరుగుతూ పోతుంది. వెనక అంచుని పూర్తిగా ఫిక్స్ చేస్తున్నాం. ఆ ఫిక్స్ అంచు చివర్లలో కూడా స్ట్రెస్ హద్దు లేకుండా పెరిగే గుణం ఉంటుంది. అయితే అక్కడ బెండింగ్ స్ట్రెస్ 18 ఎంపీఏ మాత్రమే, మన మూలకి 100 మి.మీ. దూరం, కాబట్టి ఇక్కడ దాన్ని వదిలేయొచ్చు. చేయినే నేరుగా ఫిక్స్ చేసి, ఆ ఫిక్స్ దగ్గరే స్ట్రెస్ చదివే వాళ్ళను చూస్తుంటాను. దాన్ని మాత్రం వదిలేయలేం.

మొదటి రన్ అవగానే స్ట్రెస్ బొమ్మ చూడకండి. ముందు రియాక్షన్లు చూడండి. పైకి 6 కిలోన్యూటన్లు, వెనక అంచు దగ్గర మూమెంట్ 6000 × 350 = 21,00,000 న్యూటన్ మి.మీ. రావాలి. తర్వాత పై మూల, కింది మూల పోల్చండి. చేయి సరిగ్గా మధ్యలో ఉంది కాబట్టి పైన టెన్షన్ ఎంతో కింద కంప్రెషన్ అంతే రావాలి. తేడా ఉంటే మెష్‌లోనో లోడ్‌లోనో ఏదో వంకర ఉంది.

3. పదునైన మూల: ఎప్పటికీ కుదురుకోని అంకె

ఇప్పుడు కావాలనే ఒక తప్పు మోడల్ చేద్దాం. ఫిల్లెట్ తీసేసి, మూలని 90 డిగ్రీల పదునుతో వదిలేయండి. క్యాడ్‌లో చిన్న ఫిల్లెట్లు చెరిపేసి మెష్ సులువు చేసుకునే అలవాటు చాలామందికి ఉంది, కాబట్టి ఇది ఊహించుకున్న కేసు కాదు.

మూల దగ్గర ఎలిమెంట్ సైజు 8, 4, 2, 1 మి.మీ. చేస్తూ నాలుగు రన్‌లు తీస్తే మూలలో స్ట్రెస్ 190, 258, 353, 484 ఎంపీఏ అన్న తీరులో వస్తుంది. రెండో రన్‌లోనే ఈల్డ్ దాటింది. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి ప్లేటు మందం 20కి పెంచేస్తారు. మందం పెంచితే ఆ అంకె తగ్గుతుంది, కానీ తర్వాత మెష్ మళ్ళీ ఫైన్ చేస్తే మళ్ళీ పైకి లేస్తుంది.

ఈ వరుసలో ఒక్కో అంకెని దాని ముందుదానితో భాగించి చూడండి. ప్రతిసారీ సుమారు 1.37. ఇది కాకతాళీయం కాదు. లోపలికి తిరిగిన 90 డిగ్రీల మూల దగ్గర, అంటే లోహం 270 డిగ్రీలు చుట్టుకుని ఉన్నచోట, స్థితిస్థాపక సిద్ధాంతం ప్రకారం స్ట్రెస్ మూల నుంచి దూరానికి −0.4555 ఘాతంగా మారుతుంది:

```
stress ~ r^(-0.4555)
2^0.4555 = 1.37
```

దూరం సున్నా అయితే స్ట్రెస్ అనంతం. ఎలిమెంట్‌ని సగం చేసిన ప్రతిసారీ మూలకి ఇంకొంచెం దగ్గరగా చదువుతున్నాం, కాబట్టి 37 శాతం పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఏ తప్పూ చేయలేదు. జవాబు లేని ప్రశ్న మనం అడిగాం, అంతే. మీ మోడల్లో ఎక్కడైనా మెష్ సగం చేసినప్పుడల్లా స్ట్రెస్ ఒకే నిష్పత్తిలో పెరుగుతూ ఉంటే, అక్కడ ఆగి జ్యామితిని చూడండి. మూల కోణం వేరైతే నిష్పత్తి మారుతుంది. పగులు కొసన ఘాతం −0.5, నిష్పత్తి 1.41.

మోసం చేసేది ఇంకొకటుంది. ఈ నాలుగు రన్‌లలో చేయి వంగిన దూరం ఒక శాతం కూడా మారదు. డిస్‌ప్లేస్‌మెంట్ చూసి "కన్వర్జ్ అయింది" అని రాసిన రిపోర్టులో స్ట్రెస్ రెండున్నర రెట్లు తప్పి ఉండొచ్చు. స్ట్రెస్ అంటే డిస్‌ప్లేస్‌మెంట్ మార్పు రేటు, అది ఎప్పుడూ ఒక అడుగు వెనకే కుదురుకుంటుంది. మీకు కావాల్సింది స్ట్రెస్ అయితే కన్వర్జెన్స్ కూడా స్ట్రెస్‌లోనే చూపించాలి.

అలాగని పదునైన మూల ఉన్న మోడల్ ఎందుకూ పనికిరాదని కాదు. మూల నుంచి ప్లేటు మందమంత దూరం వెళ్తే అక్కడి స్ట్రెస్ కుదురుగానే ఉంటుంది. బ్రాకెట్ బిగువు, రియాక్షన్లు, వంగే దూరం అన్నీ సరైనవే. ఆ మూలలో అంకె మాత్రం చదవకూడదు.

4. అసలు ఫిల్లెట్ పెట్టి మూడు మెష్‌లు

ఇప్పుడు 8 మి.మీ. ఫిల్లెట్ వెనక్కి తెచ్చాం. పావు వంతు వృత్తం కాబట్టి దాని పొడవు 12.6 మి.మీ. అక్కడ ఎలిమెంట్ సైజు 4 మి.మీ. అంటే వంపు మీద మూడు ఎలిమెంట్లు, 2 అంటే ఆరు, 1 అంటే పన్నెండు. మెష్‌ని "4 మి.మీ. మెష్" అని కాకుండా "వంపు మీద ఆరు ఎలిమెంట్ల మెష్" అని ఆలోచించడం అలవాటు చేసుకోండి. వేరే రేడియస్ వచ్చినప్పుడు ఆ లెక్కే పనికొస్తుంది.

రెండు విషయాల్లో జాగ్రత్త. ఒకటి, ప్రతి మెష్‌నీ అసలు జ్యామితి మీద కొత్తగా వేయాలి. ముతక మెష్‌లోని ఎలిమెంట్లనే ముక్కలు చేసుకుంటూ పోతే, వంపు ఎప్పటికీ మూడు గీతల బహుభుజిగానే మిగిలిపోతుంది, ఆ గీతలు కలిసే చోట కొత్త చిన్న మూలలు పుడతాయి. మధ్య నోడ్లు కూడా వంపు మీదే కూర్చున్నాయో లేదో జూమ్ చేసి చూడండి. రెండు, ఫిల్లెట్ ఒక్కదాన్నే ఫైన్ చేసి మిగతా చేయిని 40 మి.మీ. ఎలిమెంట్లతో వదిలేయొద్దు. చేయి మూలకి తెచ్చే మూమెంటే తప్పుగా వస్తే మూలలో ఎంత నాజూకు మెష్ ఉన్నా దండగ. సగం చేస్తే అన్నిచోట్లా సగం చేయండి. 2డిలో దానికి ఖర్చేమీ లేదు.

మూడు మెష్‌లలో ఫిల్లెట్ మీద గరిష్ఠ స్ట్రెస్ 196, 214, 219 ఎంపీఏ వచ్చిందనుకుందాం. గరిష్ఠం అన్నాను గానీ, అది మెష్ మారితే ఒక నోడ్ అటో ఇటో జరుగుతుంది. అందుకే వంపు పొడవునా ఒక పాత్ గీసుకుని స్ట్రెస్ గ్రాఫ్ తీసి, మూడు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. నున్నటి కొండలా ఉండి, శిఖరం ఒకేచోట నిలబడితే మంచిది. రంపపు పళ్ళలా ఉంటే అంకె ఎంత బాగున్నా నమ్మకండి.

5. ఇంకెంత మిగిలిందో లెక్కకట్టడం

196 నుంచి 214కి 18 పెరిగింది, 214 నుంచి 219కి 5. "రెండు శాతమే మారింది కదా, సరిపోయింది" అని ఇక్కడే ఆపేస్తారు. మార్పు చిన్నదైనంత మాత్రాన తప్పు చిన్నదని కాదు. మెష్‌ని సగానికి బదులు పది శాతమే ఫైన్ చేసినా మార్పు చిన్నదే వస్తుంది. పైన 37 శాతం చొప్పున పెరిగిన పదునైన మూల కూడా, పది శాతం ఫైన్ చేస్తే ఐదు శాతమే పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే సైజుని ప్రతిసారీ సగం చేయాలి, కనీసం మూడు మెష్‌లు కావాలి.

మూడు అంకెలుంటే తగ్గుదల వేగం తెలుస్తుంది, దాంతో చివరి జవాబుని అంచనా వేయొచ్చు. ఈ ఆలోచన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్‌ది, 1911 నాటిది. దాని మీద పాట్రిక్ రోచ్ 1994లో గ్రిడ్ కన్వర్జెన్స్ ఇండెక్స్ అనే కొలత పెట్టాడు. అది ద్రవ ప్రవాహాల లెక్కల కోసం పుట్టింది గానీ మనకూ పనికొస్తుంది.

```python
from math import log
f3, f2, f1 = 196.0, 214.0, 219.0
r = 2.0
p = log((f2 - f3) / (f1 - f2)) / log(r)
f0 = f1 + (f1 - f2) / (r**p - 1)
gci = 1.25 * abs(f1 - f2) / f1 / (r**p - 1) * 100
print(p, f0, gci)
```

ఇందులో `f3` ముతక మెష్, `f1` నాజూకు మెష్. 1.25 అనేది మూడు మెష్‌లకి వాడే భద్రతా గుణకం. రెండే మెష్‌లుంటే వేగాన్ని ఊహించుకోవాల్సి వస్తుంది కాబట్టి 3 వాడమంటారు. రన్ చేస్తే `p` 1.85, `f0` 220.9, `gci` 1.1 వస్తాయి. అంటే మెష్‌ని ఎంత ఫైన్ చేసినా జవాబు 221 ఎంపీఏ దగ్గర ఆగుతుందని అంచనా. మన 219లో మెష్ వల్ల వచ్చిన అనిశ్చితి సుమారు ఒక శాతం. చేతిలెక్కలో 220 అనుకున్నాం, దగ్గరగానే ఉంది.

ఈ మూడింట్లో నేను ముందు చూసేది `p`. మధ్య నోడ్లున్న ఎలిమెంట్లకి స్ట్రెస్ విషయంలో సిద్ధాంతం చెప్పే విలువ 2, మధ్య నోడ్లు లేనివాటికి 1. మనకి 1.85 వచ్చింది కాబట్టి మెష్‌లు సరైన దారిలో ఉన్నాయి. `p` 5 అనో 0.2 అనో వస్తే మొదటి మెష్ మరీ ముతకగా ఉందని అర్థం, దాన్ని వదిలేసి ఇంకో నాజూకు మెష్ చేర్చాలి. అంకెలు పైకీ కిందికీ ఊగుతుంటే లాగరిథం లోపల మైనస్ వచ్చి ప్రోగ్రామే ఆగిపోతుంది, అప్పుడు ఈ ఫార్ములా జోలికి పోవద్దు. ఇక పదునైన మూల అంకెలు 258, 353, 484 ఇందులో వేసి చూడండి. `p` −0.46 వస్తుంది. మైనస్ వచ్చిందంటే అక్కడ హద్దు లేదు, పక్కన వచ్చిన `f0` అర్థం లేని అంకె.

ఓపిక ఉంటే నాలుగో మెష్ కూడా రన్ చేయండి. ఫార్ములా ప్రకారం 0.5 మి.మీ. మెష్‌లో 220.4 రావాలి. రన్ చేయకముందే ఆ అంకె రాసి పెట్టుకుని, తర్వాత అదే వస్తే ఇక ఎవరి ముందైనా ధైర్యంగా కూర్చోవచ్చు.

6. మూడు మెష్‌లు వేసే టైమ్ లేనప్పుడు

పెద్ద 3డి అసెంబ్లీలో ప్రతిచోటా ఇలా చేయలేం. ఒకే మెష్ నుంచి దాని నాణ్యతని పసిగట్టే రెండు దారులున్నాయి.

మొదటిది యావరేజింగ్ ఆపేయడం. సాఫ్ట్‌వేర్ స్ట్రెస్‌ని ఒక్కో ఎలిమెంట్‌లో విడిగా లెక్కేసి, నోడ్ దగ్గర సగటు చేసి చూపిస్తుంది. రంగులు అంత నున్నగా కనిపించడానికి కారణం అదే. ఆ సగటు ఆపేస్తే ముతక మెష్‌లో ఒకే నోడ్‌కి ఒక ఎలిమెంట్ 172 అని, పక్కది 220 అని చెబుతున్నట్టు కనిపిస్తుంది. 196 అనేది ఆ రెండింటి మధ్య రాజీ మాత్రమే. నాజూకు మెష్‌లో అవే 216, 222 అవుతాయి. మీకు కావాల్సిన చోట ఈ గెంతు ఐదు శాతం దాటితే ఆ అంకె వాడకండి. ఇది నా పద్ధతి, ఏ కోడ్‌లోనూ రాసి ఉన్న హద్దు కాదు.

రెండోది నాకు ఇంకా ఇష్టం, ఎందుకో తక్కువమంది చూస్తారు. ఫిల్లెట్ అంచు గాలికి తెరిచి ఉంది, దాని మీద ఎవరూ ఒత్తడం లేదు. అంటే అంచుకి లంబంగా ఉండే స్ట్రెస్ అక్కడ కచ్చితంగా సున్నా కావాలి. సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి విడిగా ఎవరూ చెప్పరు, అది మెష్ నుంచే రావాలి. ఫిల్లెట్ మీద లోకల్ యాక్సిస్ పెట్టి లంబ దిశలో స్ట్రెస్ అడగండి. సున్నా రావాల్సిన చోట 25 ఎంపీఏ వస్తే, అంచు వెంబడి చెబుతున్న 196లో కూడా ఆ స్థాయి తప్పు ఉండొచ్చు. 2 లేదా 3 వస్తే నిశ్చింత. తెలిసిన జవాబుతో పోల్చే అవకాశం ప్రతి మోడల్లోనూ ఉచితంగా దొరుకుతుందన్నమాట.

7. వెల్డింగ్ అయితే

ఒకే ముక్కగా కోయకుండా చేయిని వెనక ప్లేటుకి వెల్డ్ చేస్తే ఈ ఫిల్లెట్ ఉండదు. వెల్డ్ అంచున పదునైన మూలే ఉంటుంది, అక్కడి స్ట్రెస్ కుదురుకోదు. అలాంటప్పుడు మూలలో చదవడం మానేసి, దూరంగా కుదురుగా ఉన్నచోట చదివి వెనక్కి అంచనా కడతారు. దీన్ని హాట్‌స్పాట్ స్ట్రెస్ అంటారు. ప్లేటు అంచు మీద ఉండే ఇలాంటి మూలకి అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ సిఫార్సుల్లో 4, 8, 12 మి.మీ. దూరాల్లో చదివి వాడే ఫార్ములా ఇది:

```
S_hs = 3*S(4mm) - 3*S(8mm) + S(12mm)
```

ఈ అంకెని ఈల్డ్‌తో పోల్చకూడదు. ఇది ఫెటీగ్ లెక్క కోసం, అదే సిఫార్సుల్లో హాట్‌స్పాట్‌కి ఇచ్చిన ఎస్-ఎన్ కర్వ్‌తోనే పోల్చాలి.

8. మెష్ సరే, బ్రాకెట్ సంగతేమిటి?

ఇప్పటిదాకా తేల్చింది ఒక్కటే: మనం గీసిన బొమ్మకి సరైన జవాబు 221, ఒక శాతం అటూ ఇటూ. యార్డులో ఉన్న బ్రాకెట్ ఆ బొమ్మలాగే ఉందా అన్నది మెష్ చెప్పదు.

కటింగ్ అయి వచ్చిన ముక్క మూలలో రేడియస్ గేజ్ పెట్టి చూడండి. డ్రాయింగ్‌లో 8 ఉన్నచోట 5 ఉంటే, అదే చార్టు ప్రకారం ఫ్యాక్టర్ 2.3 దగ్గరకి వెళ్తుంది, స్ట్రెస్ 268. ఒక శాతం కోసం మనం మూడు మెష్‌లు వేశాం, కటింగ్ టార్చ్ 20 శాతానికి పైగా మార్చేసింది. పైగా గ్యాస్ కటింగ్ అంచు గరుకుగా ఉంటుంది, ఆ గీతలు ఏ మోడల్లోనూ లేవు.

తుప్పు ఇంకొకటి. సముద్రం పక్కన పెయింట్ సరిగ్గా నిలవకపోతే రెండు ముఖాల మీదా ఒక్కో మి.మీ. పోయి 12 కాస్తా 10 అవ్వొచ్చు. స్ట్రెస్ మందానికి విలోమంగా మారుతుంది కాబట్టి 221 × 12 / 10 = 265 ఎంపీఏ. అందుకే ఇలాంటి చోట్ల లెక్కని కొత్త మందంతో కాక, తుప్పు పట్టాక మిగిలే మందంతో చేయాలి.

265 అంటే ఈల్డ్ దాటింది కదా, విరిగిపోతుందా? ఒక్కసారి వేసిన బరువుకి విరగదు. 10 మి.మీ. మందంతో కూడా నామినల్ స్ట్రెస్ 141 మాత్రమే. ఫిల్లెట్ చర్మం మీద కాస్తంత మేర ఈల్డ్ అయి, భారం పక్కకి జరిగి సర్దుకుంటుంది. స్టాటిక్ భద్రతకి చూడాల్సింది ఆ 141. కానీ ఇది పంపు పైపు బ్రాకెట్. పంపు ఆన్ అయినప్పుడల్లా, నడుస్తున్నంతసేపూ ఆ మూల ఊగుతూనే ఉంటుంది. పగులు మొదలయ్యేది ఆ చర్మం మీదే కాబట్టి శిఖర స్ట్రెస్ ఎంత మారుతోందో తెలియాలి. అంటే రిపోర్టులో రెండు అంకెలు ఉండాలి: సెక్షన్ మీద నామినల్, ఫిల్లెట్ మీద శిఖరం. వాటి పక్కన మూడు మెష్‌ల టేబుల్, ఎలిమెంట్ రకం, `p`, మెష్ అనిశ్చితి, లెక్కకి తీసుకున్న మందం, కొలిచిన రేడియస్ రాయండి. ఎర్ర చుక్క ఉన్న రంగుల బొమ్మని అనుబంధంలో పెట్టినా సరిపోతుంది.